ఫ్లాటు కొనుగోలు ఒప్పందం: అప్పగింత తేదీ, ఆలస్య పరిహారం, కార్పెట్ ఏరియా, రద్దు షరతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొనేవారి చేతికి బిల్డరు ఇచ్చే ఒప్పందం పదుల పేజీలు ఉంటుంది. తర్వాత తగాదా పుట్టేది మాత్రం ఎక్కువగా నాలుగు షరతుల దగ్గరే. ఇంటిని ఎప్పుడు ఇస్తారు, ఆలస్యమైతే ఏమిస్తారు, ఎన్ని చదరపు అడుగులు ఇస్తారు, మధ్యలో వదులుకుంటే ఎంత పోతుంది? ఈ పేజీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, కింద నమోదైన ప్రాజెక్టుల్లో కొనేవారి కోసం.

లెక్కలన్నీ ఒకే ఊహా ఫ్లాటు మీద చేద్దాం. హైదరాబాద్ శివార్లలో మూడు పడకగదుల ఫ్లాటు. అమ్మకపు విస్తీర్ణం 1,650 చదరపు అడుగులు, చదరపు అడుగు ధర 6,500 రూపాయలు, మొత్తం 1,07,25,000 రూపాయలు. జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు. ఒప్పందం మీద సంతకాలు పడిన రోజు 2021 జూన్ 15.

అప్పగింత తేదీ ఒప్పందంలో ఎక్కడ ఉంటుంది? నా ఒప్పందంలో తేదీయే కనిపించడం లేదు.

చాలా ఒప్పందాల్లో తేదీ ఉండదు, నెలల లెక్క ఉంటుంది. మన ఊహా ఫ్లాటు ఒప్పందంలో ఆ వాక్యం ఇలా ఉందనుకుందాం: "అవసరమైన అనుమతులన్నీ లభించిన తేదీ నుంచి 30 నెలల్లో, అదనంగా 6 నెలల గ్రేస్ పీరియడ్‌తో, నిర్మాణం పూర్తిచేయడానికి కంపెనీ ప్రయత్నిస్తుంది."

ఈ ఒక్క వాక్యంలో మూడు చోట్ల జారిపోయే వీలుంది. "అనుమతులన్నీ" అంటే ఏవి? భవన నిర్మాణ అనుమతి 2021 ఏప్రిల్‌లోనే వచ్చి, మరేదో విభాగం నిరభ్యంతర పత్రం నవంబరులో వస్తే, 30 నెలలు నవంబరు నుంచి మొదలయ్యాయని బిల్డరు వాదిస్తారు. "నిర్మాణం పూర్తిచేయడం" అంటే తాళాలు ఇవ్వడం కాదు. నిర్మాణం పూర్తయ్యాక ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రావడానికి ఇంకా సమయం పడుతుంది. ఇక "ప్రయత్నిస్తుంది" అనేది అసలు మాట ఇవ్వడం కిందికే రాదు.

సంతకానికి ముందు అయితే ఆ వాక్యాన్ని ఇలా మార్చమని అడగండి: "ఓసీతో సహా ఫ్లాటును 2023 డిసెంబరు 15 నాటికి అప్పగిస్తాం." క్యాలెండరులో చూపించగల తేదీ ఉంటే తర్వాత వాదనకు చోటు తగ్గుతుంది. ఇప్పటికే సంతకం చేసి ఉంటే, ఒప్పందం తేదీ, నిర్మాణ అనుమతి తేదీ, రెరా నమోదు సమయంలో బిల్డరు ప్రకటించిన పూర్తి తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. ఒప్పందంలో తేదీ స్పష్టంగా లేనప్పుడు, నమోదు సమయంలో బిల్డరు స్వయంగా ప్రకటించిన తేదీయే మీ చేతిలో ఉన్న బలమైన ఆధారం. అసలు గడువే రాయని ఒక ఒప్పందం విషయంలో 2018లో సుప్రీంకోర్టు మూడేళ్లను సహేతుకమైన కాలంగా తీసుకుంది.

గ్రేస్ పీరియడ్ కూడా బిల్డరుకు చెందినట్టేనా?

అది ఎలా రాసి ఉందో చూడాలి. "30 నెలలు, దానికి తోడు 6 నెలలు" అని ఏ షరతూ లేకుండా ఉంటే, మీరు సంతకం చేసిన ఆ ఆరు నెలలు బిల్డరు లెక్కలోకే వెళ్లే అవకాశం ఎక్కువ. "ఓసీకి దరఖాస్తు చేసుకోవడానికి 6 నెలలు" అని ఉంటే, 30 నెలల్లోపు నిర్మాణం ముగించి దరఖాస్తు పెట్టానని బిల్డరు చూపించాలి. చూపించలేకపోతే ఆ ఆరు నెలలు ఇవ్వకూడదని మీరు గట్టిగా వాదించవచ్చు.

మన ఉదాహరణలో ఒప్పందం తేదీ నుంచి 30 నెలలంటే 2023 డిసెంబరు 15. గ్రేస్ కలిపితే 2024 జూన్ 15. ఓసీ వచ్చి తాళాలు చేతికందింది 2025 ఆగస్టు 15 అనుకుందాం. గ్రేస్ ఇస్తే ఆలస్యం 14 నెలలు, ఇవ్వకపోతే 20 నెలలు. ఆ ఆరు నెలల విలువ ఎంతో కింద లెక్కలో తెలుస్తుంది.

రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు గడువు పొడిగించారు. నా తేదీ కూడా మారిపోయిందా?

లేదు. రెరా సంస్థ పొడిగించేది ప్రాజెక్టు నమోదు గడువును. మీకూ బిల్డరుకూ మధ్య కుదిరిన ఒప్పందంలోని తేదీ దానంతట అది మారదు. రెరా చట్టం సెక్షన్ 18 కింద ఆలస్యాన్ని ఒప్పందంలోని తేదీ నుంచే లెక్కించాలని బొంబాయి హైకోర్టు 2017లో చెప్పింది. నమోదు గడువు ఇంకా మిగిలి ఉందన్న కారణంతో కొనుగోలుదారు హక్కు ఆగదని 2020లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

అందుకే కొందరు బిల్డర్లు మరో దారి పడతారు. "బ్యాంకు అడుగుతోంది", "పార్కింగ్ నంబరు మారింది" అంటూ అనుబంధ ఒప్పందం పంపిస్తారు. మూడో పేజీలో ఎక్కడో కొత్త అప్పగింత తేదీ ఉంటుంది. దాని మీద సంతకం పెడితే తేదీ నిజంగానే మారుతుంది. పార్కింగ్ మార్పు అవసరమే అయితే, తేదీకి సంబంధించిన పేరాను కొట్టివేయించి, ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాకే ముందుకు వెళ్లండి.

"కంపెనీ అదుపులో లేని కారణాలు" అన్న షరతు కింద ఏవైనా చెప్పుకోవచ్చా?

ఒప్పందంలో సిమెంటు కొరత, కూలీల కొరత, సమ్మె, ప్రభుత్వ ఉత్తర్వులు, మార్కెట్ మందగమనం దాకా ఏకరువు పెడతారు. చట్టం ఇచ్చిన జాబితా అంతకంటే చాలా చిన్నది. రెరా చట్టం సెక్షన్ 6 ప్రకారం యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, లేదా ప్రకృతి కలిగించిన మరో విపత్తు. డబ్బు సర్దుబాటు కాకపోవడం, కాంట్రాక్టరు వెళ్లిపోవడం ఇందులోకి రావు. కరోనా కాలంలో గడువు 2020 మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ ముగిసే ప్రాజెక్టులకు ఆరు నెలల పొడిగింపు ఇవ్వాలని కేంద్రం సూచించింది. మన ఊహా ఫ్లాటులాగా 2021 జూన్‌లో సంతకం చేసిన ఒప్పందానికి, అప్పటికే తెలిసిన కరోనా పరిస్థితిని సాకుగా చూపడం తేలిక కాదు.

ఓసీ ఇంకా రాలేదు, కానీ తాళాలు తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

లోపలి పనులు చేయించుకోవడానికి అంటూ ముందే తాళాలు ఇవ్వడం మామూలైపోయింది. వడ్రంగి పని మొదలుపెట్టుకోవచ్చన్న సంబరంలో చాలామంది "అప్పగింత స్వీకరించాను" అన్న లేఖ మీద సంతకం చేస్తారు. ఆ రోజుతో ఆలస్యం ఆగిపోయిందని బిల్డరు తర్వాత చూపించేది ఆ లేఖనే. తాళాలు తీసుకోక తప్పని పరిస్థితి ఉంటే, "లోపలి పనుల కోసం మాత్రమే ప్రవేశం, ఓసీ వచ్చాకే అప్పగింత" అని మీ చేత్తో రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మీ వైపు బాధ్యత కూడా ఒకటుంది. ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు ఫ్లాటును స్వీకరించాలని సెక్షన్ 19 చెబుతోంది. కారణం లేకుండా మీరు వాయిదా వేస్తే ఆ తర్వాతి కాలానికి వడ్డీ అడగడం కష్టం.

ఆలస్యమైతే నెలకు చదరపు అడుగుకు 5 రూపాయలు ఇస్తామని ఒప్పందంలో ఉంది. అంతేనా నాకు వచ్చేది?

కాదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ముందు ఆ షరతు ప్రకారమే లెక్క వేద్దాం. 1,650 చదరపు అడుగులకు 5 రూపాయల చొప్పున నెలకు 8,250 రూపాయలు. 14 నెలలకు 1,15,500 రూపాయలు.

ఇప్పుడు చట్టం ప్రకారం. బిల్డరు గడువులోగా ఇవ్వకపోయినా మీరు ప్రాజెక్టులోనే కొనసాగితే, అప్పగించేదాకా ప్రతి నెల ఆలస్యానికీ వడ్డీ ఇవ్వాలని సెక్షన్ 18 చెబుతోంది. ఆ వడ్డీ చదరపు అడుగుల మీద కాదు, మీరు కట్టిన డబ్బు మీద. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో ఈ రేటు రుణాలకు ప్రామాణికంగా స్టేట్ బ్యాంకు ప్రకటించే అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు 2 శాతం కలిపితే వచ్చేది. లెక్క కోసం 11 శాతం అనుకుందాం. గడువు నాటికి మీరు 90 లక్షలు కట్టి ఉంటే, ఏడాదికి 9,90,000, నెలకు 82,500 రూపాయలు. 14 నెలలకు 11,55,000 రూపాయలు. ఒప్పందం ఇస్తానన్న దానికి సరిగ్గా పదింతలు. గ్రేస్ పీరియడ్ ఇవ్వకుండా 20 నెలలు లెక్కిస్తే 16,50,000 రూపాయలు. పైన చెప్పిన ఆరు నెలల విలువ దాదాపు ఐదు లక్షలన్నమాట.

ఒప్పందంలో మీరే సంతకం చేశారుగా అని బిల్డరు అంటారు. కొనుగోలుదారుకు మార్చే అవకాశమే లేకుండా, ఏకపక్షంగా రాసిన షరతులు అతన్ని కట్టిపడేయలేవని 2019లో సుప్రీంకోర్టు ఒక ఫ్లాటు కేసులో చెప్పింది. కాబట్టి 5 రూపాయల షరతు చూసి అంతే ప్రాప్తమని సరిపెట్టుకోనక్కర్లేదు. అయితే ఈ వడ్డీ దానంతట అది మీ ఖాతాలో పడదు. బిల్డరును రాతపూర్వకంగా అడగాలి, ఇవ్వకపోతే రెరాకు వెళ్లాలి.

లెక్క వేసేటప్పుడు ఒక జాగ్రత్త. గడువు తర్వాత కట్టిన వాయిదాలకు, వాటిని కట్టిన రోజు నుంచే వడ్డీ. 2024 జూన్ 15 తర్వాత, అక్టోబరులో మీరు మరో 5 లక్షలు కట్టి ఉంటే ఆ 5 లక్షలకు అక్టోబరు నుంచే లెక్కించాలి. వడ్డీ మీద వడ్డీ వేసుకుంటే, మీ పట్టిక మొత్తం మీదే అనుమానం వస్తుంది.

నేను వాయిదా ఆలస్యం చేస్తే 24 శాతం వడ్డీ అని ఉంది. ఇది న్యాయమేనా?

చట్టం ఒప్పుకోదు. బిల్డరు ఆలస్యానికి ఇచ్చే వడ్డీ రేటు, మీ ఆలస్యానికి వసూలుచేసే రేటు ఒకటే ఉండాలని సెక్షన్ 2లోని నిర్వచనమే చెబుతోంది. 6 లక్షల వాయిదా రెండు నెలలు ఆలస్యమైతే 24 శాతం చొప్పున 24,000 రూపాయలు. 11 శాతం చొప్పున 11,000 రూపాయలు. చివరి బిల్లులో "ఆలస్య రుసుము" అన్న వరుస కనిపిస్తే, ఏ వాయిదాకు, ఎన్ని రోజులకు, ఏ రేటున వేశారో విడివిడిగా అడగండి.

చివరి వాయిదాలోంచి నా పరిహారాన్ని నేనే మినహాయించుకోవచ్చా?

మన ఉదాహరణలో 90 లక్షలు పోను 17,25,000 మిగిలింది. బిల్డరు ఇవ్వాల్సింది 11,55,000. 5,70,000 కట్టి తాళాలు అడిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. లెక్క సరైనదే, కానీ మీ అంతట మీరు కోసుకుంటే బిల్డరు దాన్ని చెల్లింపు ఎగవేతగా చూపించి, రద్దు నోటీసు పంపే వీలుంది. ముందు సర్దుబాటు చేయమని రాతపూర్వకంగా కోరండి. ఒప్పుకోకపోతే రెండు దారులున్నాయి. "ఆలస్యపు వడ్డీ మీద నా హక్కుకు భంగం లేకుండా చెల్లిస్తున్నాను" అని రాసి మొత్తం కట్టి, తర్వాత వడ్డీ కోసం ఫిర్యాదు చేయడం ఒకటి. కట్టకముందే రెరా ముందు సర్దుబాటు ఉత్తర్వు కోరడం రెండోది. ఇంట్లోకి వెళ్లే తొందర ఉన్నవారికి మొదటి దారే మేలు.

తాళాలు ఇచ్చేముందు "ఎలాంటి క్లెయిములూ లేవు" అన్న కాగితం మీద సంతకం అడుగుతున్నారు.

సాధ్యమైనంతవరకు పెట్టకండి. పరిహారం వదులుకుంటేనే రిజిస్ట్రేషన్ చేస్తామని బిల్డరు పట్టుబట్టడం తగదనీ, సేల్ డీడ్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్య పరిహారం అడిగే హక్కు పోదనీ 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చేతికి తాళాలు, కళ్లముందు కొత్త ఇల్లు ఉన్నప్పుడు నిలబడటం కష్టమే. సంతకం తప్పకపోతే అదే రోజు ఈమెయిలులో, ఒత్తిడి మీద సంతకం చేశాననీ ఆలస్యపు వడ్డీ హక్కు అలాగే ఉందనీ రాసి పంపండి. అదే రోజు అన్నది ముఖ్యం.

కార్పెట్ ఏరియా అంటే సరిగ్గా ఏది? 1,650 అన్నారు, ఒప్పందంలో 1,170 అని ఉంది.

రెండూ నిజమే. 1,170 అనేది కార్పెట్ ఏరియా. బయటి గోడల లోపల మీరు వాడుకోగలిగే నేల, దానితోపాటు గదుల మధ్య ఉండే లోపలి గోడల మందం కూడా ఇందులో కలుస్తుంది. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, మీ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ కలవవు. మన ఫ్లాటు 1,650 ఇలా పుట్టింది: కార్పెట్ 1,170, బాల్కనీ, యుటిలిటీ కలిపి 95, బయటి గోడలు 75, మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్ వంటి ఉమ్మడి స్థలాల్లో వాటాగా వేసింది 310.

ఆ చివరి 310 ఎలా వచ్చిందో బిల్డరు ఒప్పందంలో ఎక్కడా చూపించరు. టేపు పట్టుకుని కొలవగలిగేది కార్పెట్ ఏరియా ఒక్కటే. అందుకే రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ధరను దాంతోనే భాగించండి. మన ఫ్లాటు 1,07,25,000 రూపాయలకు 1,170 అడుగులు, అంటే కార్పెట్ అడుగు సుమారు 9,167 రూపాయలు. పక్క వీధిలో మరో ప్రాజెక్టు 1,500 అడుగులు, అడుగు 6,900 రూపాయలు చెబుతోందనుకోండి. పైకి ఖరీదుగా కనిపిస్తుంది. మొత్తం 1,03,50,000, కార్పెట్ 1,140 అయితే, అడుగు సుమారు 9,079 రూపాయలు. ఖరీదైనదనుకున్నదే చవక.

కట్టాక కార్పెట్ ఏరియా తగ్గితే?

కేంద్రం ఇచ్చిన నమూనా ఒప్పందం ప్రకారం, నిర్మాణం పూర్తయ్యాక బిల్డరు తుది కార్పెట్ ఏరియాను నిర్ధారించాలి. తగ్గితే అదనంగా వసూలుచేసిన డబ్బును 45 రోజుల్లో వడ్డీతో తిరిగివ్వాలి. పెరిగితే 3 శాతం వరకే అదనంగా అడగవచ్చు, అదీ ఒప్పందంలో ఒప్పుకున్న రేటుకే.

మన ఫ్లాటు 1,170కి బదులు 1,140 వచ్చిందనుకుందాం. 30 అడుగుల తేడా, 9,167 చొప్పున సుమారు 2,75,000 రూపాయలు. బిల్డరు ముసాయిదాలో "5 శాతం వరకు హెచ్చుతగ్గులకు ఎవరూ క్లెయిము చేయరాదు" అన్న వాక్యం ఉంటే ఆ రెండు లక్షల డెబ్బై అయిదు వేలు మాయమైనట్టే. హెచ్చుకు, తగ్గుకు సమానంగా రాశారు కదా అని మురిసిపోకండి. ఫ్లాటు పెరగడం కన్నా తగ్గడమే మామూలు.

కొలిచేటప్పుడు బయటి గోడ లోపలి అంచు నుంచి ఎదుటి బయటి గోడ లోపలి అంచు వరకు కొలవండి. గది గదికీ విడిగా కొలిచి కూడితే లోపలి గోడల మందం తప్పిపోయి, ఫ్లాటు అన్యాయంగా చిన్నదిగా తేలుతుంది. బాల్కనీ తలుపు గడప దాటి కొలవకండి. మీ కొలత ఒప్పందం కన్నా గణనీయంగా తక్కువ వస్తే అప్పుడు లైసెన్సున్న ఇంజనీరు చేత కొలిపించి, నివేదిక జతచేసి రాయండి.

నా సొంత కారణాల వల్ల ఫ్లాటు వదులుకుంటే ఎంత పోతుంది?

బిల్డరు తప్పేమీ లేకుండా మీరే రద్దు చేసుకుంటే, నమూనా ఒప్పందం ప్రకారం బిల్డరు బుకింగ్ మొత్తాన్ని మాత్రమే ఉంచుకుని, మిగిలింది 45 రోజుల్లో తిరిగివ్వాలి. ఇప్పుడు మీ ఒప్పందం తెరిచి "బుకింగ్ మొత్తం" నిర్వచనం చూడండి. 2 లక్షలు కట్టి బుక్ చేసుకున్నా, నిర్వచనంలో "మొత్తం ధరలో 20 శాతం" అని ఉండవచ్చు.

మీరు 30 లక్షలు కట్టాక ఉద్యోగం మారి వదులుకుంటున్నారనుకుందాం. 20 శాతమంటే 21,45,000. చేతికి వచ్చేది 8,55,000. 10 శాతమైతే పోయేది 10,72,500, వచ్చేది 19,27,500. ఇలా 20 శాతం జప్తు చేసుకునే షరతును సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో ఏకపక్షమైనదిగా చూసి, మూల ధరలో 10 శాతం వరకే ఒప్పుకుంది. ఆ కేసులో కొనుగోలుదారుకు తిరిగి రావాల్సిన డబ్బు మీద వడ్డీ మాత్రం ఇవ్వలేదు. తానుగా తప్పుకున్నవారికి, ఆలస్యం వల్ల తప్పుకున్నవారికి తేడా అక్కడే ఉంది.

"ఈ ఫ్లాటును మరొకరికి అమ్మిన తర్వాతే డబ్బు తిరిగిస్తాం" అన్న వాక్యం ఉంటే తీసివేయమనండి. మరొకరు ఎప్పుడు కొంటారన్నది మీ చేతిలో లేదు.

ఆలస్యంతో విసిగి నేనే బయటకు రావాలనుకుంటే?

ఇది మీ సొంత రద్దు కాదు, ఆ మాట దరఖాస్తులో రాయకండి. "రద్దు చేయమని కోరుతున్నాను" అని ఒక ఈమెయిలు పంపితే, బిల్డరు దాన్నే చూపించి 10 శాతం కోస్తారు. "గడువులో అప్పగించనందున సెక్షన్ 18 కింద ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నాను, కట్టిన మొత్తం వడ్డీతో చెల్లించండి" అని రాయాలి. గడువు దాటాక ఇలా తప్పుకుని డబ్బు వెనక్కి అడిగే హక్కు షరతుల్లేనిదని 2021 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోత ఉండదు, వడ్డీని మీరు కట్టిన ప్రతి మొత్తానికీ కట్టిన తేదీ నుంచి లెక్కించి అడగాలి. కాబట్టి రసీదులన్నీ తేదీలవారీగా పేర్చుకోండి.

బిల్డరే నా ఫ్లాటు రద్దు చేస్తానని నోటీసు పంపారు.

ఒప్పందంలోని షరతుల ప్రకారం తప్ప బిల్డరు రద్దు చేయలేరు. ఆ షరతులకు లోబడకుండా, ఏకపక్షంగా, తగిన కారణం లేకుండా చేసిన రద్దు మీద రెరాకు వెళ్లే హక్కు సెక్షన్ 11 ఇచ్చింది. నమూనా ఒప్పందం కనీసం 30 రోజుల ముందు నోటీసు అడుగుతుంది. ధరలు పెరిగిన చోట పాత రేటుకు కొన్నవారికి చిన్న బాకీ సాకుతో ఇలాంటి నోటీసులు వస్తుంటాయి. జవాబివ్వకుండా వదలకండి. బాకీ నిజమైతే వెంటనే కట్టండి, కాకపోతే ఎందుకు కాదో గడువులోపు రాయండి.

కట్టిన జీఎస్టీ, బ్యాంకు రుణం సంగతి?

నిర్మాణంలో ఉన్న మామూలు ఫ్లాటు మీద 5 శాతం జీఎస్టీ కడతారు. రద్దయితే బిల్డరు క్రెడిట్ నోటు ఇచ్చి వెనక్కి ఇవ్వాలి. దానికి గడువు దాటిపోయిందంటే, జీఎస్టీ నమోదు లేని కొనుగోలుదారు నేరుగా రీఫండ్‌కు దరఖాస్తు చేసుకునే వీలును 2022 డిసెంబరు సర్క్యులర్ కల్పించింది. బ్యాంకు రుణం ఉంటే తిరిగివచ్చే డబ్బులో మొదటి హక్కు బ్యాంకుదే. ఫ్లాటు వదిలేశానని ఈఎంఐ ఆపకండి, దెబ్బతినేది మీ సిబిల్ స్కోరే.

సంతకానికి ముందు మార్పులు అడిగితే బిల్డరు ఒప్పుకుంటారా?

"అందరికీ ఇదే నమూనా" అంటారు. అప్పుడు ఒక పని చేయండి. ప్రాజెక్టు నమోదు చేసేటప్పుడు అలాట్‌మెంటు లేఖ, విక్రయ ఒప్పందం, సేల్ డీడ్ నమూనాలను బిల్డరు రెరాకు సమర్పించాలి. తెలంగాణలో rera.telangana.gov.in, ఆంధ్రప్రదేశ్‌లో rera.ap.gov.in తెరిచి, ప్రాజెక్టు పేరు మీద ఆ నమూనా దొరుకుతుందేమో చూడండి. దొరికితే మీ చేతికి ఇచ్చిన ముసాయిదాతో పోల్చండి. రెరాకు ఇచ్చిన దాంట్లో వడ్డీ రేటు ఇద్దరికీ సమానంగా ఉండి, మీకిచ్చిన దాంట్లో 5 రూపాయలు, 24 శాతం ఉంటే, "మీరు రెరాకు ఇచ్చిందే నాకివ్వండి" అనడానికి ఎవరి దయా అక్కర్లేదు.

ఇంకొకటి. విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని సెక్షన్ 13 అంటుంది. మన ఫ్లాటుకు అది 10,72,500 రూపాయలు. ఆ మొత్తం దాటేలోపు బేరమాడే బలం మీ చేతిలో ఉంటుంది, దాటాక బిల్డరు చేతికి పోతుంది. రిజిస్టరు చేయని ఒప్పందం మీద 30, 40 లక్షలు కట్టేస్తున్నవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

ఫిర్యాదు రెరాకా, వినియోగదారుల కమిషన్‌కా?

రెండింటిలో దేనికైనా వెళ్లవచ్చు, కానీ ఒకే కోరికతో రెండు చోట్లా కాదు. ఆలస్యపు వడ్డీ లేదా డబ్బు వాపసు ఒక్కటే కావాలంటే రెరా సూటి దారి. మానసిక వేదన, అద్దె నష్టం వంటి వాటికి పరిహారం కూడా కావాలంటే రెరాలోనే పరిహారం ఎంతో తేల్చే అడ్జుడికేటింగ్ అధికారి ముందు వేరే దరఖాస్తు వేయాలి. కాబట్టి ఆ రెండో భాగం నిజంగా అవసరమా అని ముందే తేల్చుకోండి.

ఉత్తర్వు వచ్చినా బిల్డరు కట్టకపోతే, ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలాగా రెవెన్యూ అధికారుల ద్వారా వసూలు చేయిస్తారు. ఇది నెమ్మదిగా సాగే పని, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాల్సి రావచ్చు. అందుకే ఫిర్యాదు పత్రంలోనే బిల్డరు పేరు మీద అమ్ముడుపోకుండా మిగిలిన ఫ్లాట్ల నంబర్లు, ప్రాజెక్టు బ్యాంకు ఖాతా వివరాలు రెరా సైటు నుంచి తీసి జతచేయండి. వసూలు దశలో అధికారులు మొదట అడిగేది బిల్డరు ఆస్తి ఎక్కడుందనే.